రెజ్యూమెలో పై మూడోవంతు ఎవరికి ఇచ్చారు?

సికింద్రాబాద్‌లో నా చేతికొచ్చే ఫ్రెషర్ల రెజ్యూమెలు చాలావరకు ఒకే అచ్చు. సీనియర్ ఇచ్చిన వర్డ్ ఫైల్‌లో పేరు మారుస్తారు, అంతే! పైన పెద్దక్షరాల్లో ‘రెజ్యూమె’ అన్న హెడ్డింగ్, కింద నాలుగు లైన్ల కెరీర్ ఆబ్జెక్టివ్. చివర్లో డిక్లరేషన్, సంతకం. ప్రైవేటు ఐటీ ఉద్యోగానికి ఆ సంతకం ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

అమెరికాలో ల్యాడర్స్ అనే ఉద్యోగాల సంస్థ రిక్రూటర్ల కంటి కదలికల్ని రికార్డు చేసింది. తొలిచూపు సగటున 2012లో సుమారు 6 సెకన్లు, 2018లో 7.4 సెకన్లు అని తేల్చింది. సెకన్ల సంగతి పక్కన పెట్టండి. చూపు ఎక్కడ ఆగిందన్నదే ముఖ్యం. పేరు, ఇప్పటి ఉద్యోగం, పాత ఉద్యోగం, వాటి తేదీలు, చదువు... 2012లో ఎక్కువ సమయం వీటికే పోయింది. ఫ్రెషర్‌కి ఉద్యోగాలు ఉండవు కాబట్టి ఆ చోటు ఇంటర్న్‌షిప్‌కి, ప్రాజెక్టుకి ఇవ్వాలంటాను.

ఈమధ్య మా కాలనీ కుర్రాడొకడు రెజ్యూమె చూడమన్నాడు. ఈసీఈ, 2024 పాసవుట్. జావా డెవలపర్ పోస్టుకి అప్లై చేస్తున్నాడు. మొదటి పేజీ నిండా అడ్రస్, ఆబ్జెక్టివ్, మార్కుల టేబుల్, పదకొండు స్కిల్స్. మూడు నెలల జావా ఇంటర్న్‌షిప్ మాత్రం రెండో పేజీలో, హాబీలకు కాస్త పైన ఉంది!

అన్నీ ఒక్క పేజీలోకి తెచ్చాం. పైన పేరు, దాని కింద ‘జావా డెవలపర్ - బీటెక్ ఈసీఈ, 2024’ అని ఒకే లైన్, ఆ తర్వాత ఫోన్, మెయిల్. ఫ్రెషర్ పోస్టులు చాలావరకు ఫలానా బ్యాచ్‌కే అంటారు కాబట్టి పాసైన సంవత్సరం వెతుక్కునేలా ఉండకూడదు. తర్వాత ఇంటర్న్‌షిప్: హోదా ఎడమ అంచున బోల్డ్‌లో, తేదీలు కుడి అంచున. పైనుంచి కిందికి జారే చూపుకి ఎడమ అంచే దారి. అందుకే హెడ్డింగులన్నీ అక్కడే మొదలుపెట్టి, ఒక్కోదానిపైన కాస్త ఖాళీ వదిలాం. బోల్డ్ హెడ్డింగులకీ హోదాలకీ మాత్రమే. ప్రతి రెండో పదం బోల్డ్ అయితే కన్ను ఎక్కడా ఆగదు. ప్రాజెక్టుని ‘కాలేజీ బస్సు పాసులు రెన్యువల్ చేసే వెబ్‌సైట్’ అని ఒక్క మాటలో చెప్పి, వాడిన టెక్నాలజీలు పక్కనే రాశాం. మార్కులు కిందికి వెళ్లాయి.

రంగురంగుల రెండు కాలమ్‌ల టెంప్లేట్ వాడతానన్నాడు. చూడ్డానికి బాగానే ఉంది. కానీ రెజ్యూమెల్ని చదివే కొన్ని సాఫ్ట్‌వేర్లు రెండు కాలమ్‌ల మాటల్నీ కలిపేస్తాయి. తెలుసుకోవడం తేలిక. పీడీఎఫ్‌లో ఉన్నదంతా సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. మనోడి ఫోన్ నంబర్ ప్రాజెక్టు వాక్యం మధ్యలో తేలింది! దాంతో ఒక్క కాలమ్‌కి ఒప్పుకున్నాడు.

పదకొండు స్కిల్స్‌లో ఐదు తీసేయించాను. లేఅవుట్ చూపుని అక్కడిదాకా తీసుకెళ్తే ఇంటర్వ్యూలో ప్రశ్న కూడా అక్కడినుంచే వస్తుంది. ఆ ఐదింటి గురించి అడిగితే అతని దగ్గర రెండు వాక్యాలు కూడా లేవు.