ఇంకో బోరు వేయించే స్ఫూర్తి

వ్యక్తిత్వ వికాస తరగతులు నడిపేవాళ్లలో ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. ముందు మనిషిలో కసి పుట్టించాలట, ఆ తర్వాత పని దానంతటదే జరుగుతుందట. వాళ్లు పంచే అభ్యాస పుస్తకం ఏది తెరిచినా ఈ నమ్మకమే కనిపిస్తుంది. ఎడమ పేజీలో ఓడి గెలిచినవాడి కథ, కుడి పేజీలో 'ఐదేళ్ల తర్వాత మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారు?' అని అడిగి పది ఖాళీ గీతలు. రాసినవాడికి ఆ సాయంత్రం మనసు తేలికపడుతుంది. తెల్లారి లేచి ఏం చేయాలో మాత్రం అందులో ఎక్కడా ఉండదు.

మేలు లేకపోతే పోయింది, కీడైతే లేదు కదా అంటారు కొందరు. పట్నంలో నెలజీతం మనిషికి ఆ మాట సరిపోతుందేమో. అనంతపురం మెట్టలో సరిపోదు.

నెపోలియన్ హిల్ 1937లో అచ్చువేసిన 'థింక్ అండ్ గ్రో రిచ్'లో ఒక బంగారు గని కథ ఉంది. తవ్వి తవ్వి విసిగి ఒకడు గని అమ్ముకున్నాడు. అతను ఆపిన చోటికి మూడడుగుల దూరంలోనే బంగారం దొరికింది. మన శిక్షకులు పేర్లు మార్చి ఈ కథను నేటికీ చెబుతూనే ఉన్నారు. దీన్ని కళ్యాణదుర్గం వైపు రైతుకు చెప్పండి. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు మాత్రమే వాన పడే నేల అది. ఆయన బోరు ఎండిపోయి ఉంటుంది. టెంకాయ అరచేతిలో పెట్టుకుని పాయింట్ చూసేవాడు వచ్చి పోయుంటాడు. ఆరు వందల అడుగుల దాకా దుమ్మే వచ్చి ఉంటుంది. కథ విన్నాక ఆయనకు తోచేది ఒక్కటే: ఇంకో వంద అడుగులు, లేదంటే ఇంకో బోరు. ఇక్కడి అడుగు రాయి గ్రానైటు. నీళ్లుండేది పైన చివికిన పొరలో, దాని కిందున్న పగుళ్లలో. లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్లు అరుదవుతాయి. 'వదలకు' అని నేర్పిన పాఠం ఇక్కడ అప్పుగా మారుతుంది. నీళ్లు పడకపోతే తప్పు కథది కాదు, నమ్మకం చాలని రైతుది. అన్ని తరగతుల్లోనూ ఓడకుండా మిగిలేది శిక్షకుడొక్కడే.

మనస్తత్వ శాస్త్రం కూడా ఈ నమ్మకం వైపు లేదు. బరువు తగ్గాలనుకున్న ఆడవాళ్లను గమనించి, తాము సన్నబడినట్టు తియ్యగా ఊహించుకున్నవాళ్లే తక్కువ తగ్గారని గాబ్రియేల్ ఓటింగెన్ 1991లో చూపింది. 'ఫలానా సమయం రాగానే ఫలానా పని చేస్తాను' అని ముందే కట్టుకున్న వాక్యం ఉత్త సంకల్పం కన్నా ఎక్కువగా పనికి దారితీస్తుందని పీటర్ గోల్విట్జర్ చెప్పాడు. 2006లో ఆయనా షీరన్ కలిసి 94 పరీక్షల ఫలితాలను పోగుచేసి చూస్తే అదే తేలింది.

అంత దూరం పోనక్కర్లేదు, మన దగ్గరే ఒక నమూనా ఉంది. 2003లో మొదలై, తర్వాత ఎఫ్‌ఏఓ ద్వారా సాగిన రైతు యాజమాన్య భూగర్భజల పథకం అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో పనిచేసింది. అందులో రైతులకు నీటి బడులు పెట్టారు. రైతులే వర్షమాపకంతో వాన కొలిచారు, బావుల్లో నీటిమట్టం కొలిచారు, ఆ అంకెలను ఊళ్లో అందరికీ కనిపించేలా బోర్డు మీద రాశారు. రబీ విత్తుకు ముందు కూర్చుని, భూమిలో ఉన్న నీళ్లెన్ని, అందరూ వేయాలనుకున్న పంటలకు కావలసినవెన్ని అని లెక్క కట్టారు. వరి వేయొద్దని ఎవరూ శాసించలేదు. లెక్క చూశాక ఎవరి పంట వాళ్లే ఎంచుకున్నారు. నా దృష్టిలో తెలుగులో పనికి నడిపిన అభ్యాస పుస్తకం ఏదైనా ఉందంటే ఆ బోర్డే.

దాన్నిబట్టి ఒక పేజీ రాసి చూద్దాం. 'నీటిని పొదుపు చేయడంలో మీ పాత్ర ఏమిటి?' అన్న ప్రశ్న కొట్టేయండి. దాని బదులు ఇలా రాయండి: 'ఈ శనివారం పొద్దున కరెంటు వచ్చి మోటారు వేయగానే, రెండు వందల లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టండి. నీళ్లు నిలకడగా వచ్చేదాకా ఆగండి. నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో చూసి రాయండి. మూడుసార్లు కొలవండి.' పావుగంట పని. పైసా ఖర్చు లేదు.

వంద సెకన్లు పట్టిందనుకుందాం. అంటే సెకనుకు రెండు లీటర్లు, గంటకు 7,200. రోజుకు తొమ్మిది గంటలు కరెంటు ఉంటే దాదాపు 65 వేల లీటర్లు, 120 రోజులకు 78 లక్షలు. ఎకరాలో ఒక మిల్లీమీటరు నీరు నిలవాలంటే నాలుగు వేల లీటర్ల పైచిలుకు కావాలి. రబీ వరికి సుమారు 1,200 మిల్లీమీటర్లు వేసుకుంటే ఎకరాకు 48 లక్షల లీటర్లు. శెనక్కాయకు సుమారు 500 వేసుకుంటే ఇరవై లక్షలు. రెండెకరాల వరి ఈ బోరుతో తేలదు. పైగా 78 లక్షలన్నది చివరిదాకా నీళ్లు ఇదే ధారగా వస్తేనే. సగం కాలం తర్వాత ధార సగానికి పడిపోతే దక్కేది 58 లక్షలే. అప్పుడు ఒక ఎకరా వరి బొటాబొటిగా గట్టెక్కుతుంది, రెండెకరాల శెనక్కాయ మిగులుతో గట్టెక్కుతుంది. ఈ లెక్క చేసినవాడికి స్ఫూర్తి కథ చెప్పాల్సిన పని ఉందా?

ఆ పేజీలోనే ఇంకో గీత ఉండాలి, దాన్ని నేను ఆపే గీత అంటాను. 'డ్రమ్ము నిండడానికి ఇన్ని సెకన్లు దాటితే కొత్త మడి తడపను', 'ఈ మొత్తం దాటి బోరుకు అప్పు చేయను' అని మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే అంకె రాసి పెట్టుకోవాలి. బోరు బండి చేలోకి వచ్చాక ఎవరికీ లెక్క గుర్తుండదు. ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పి ఎప్పుడు ఆపాలో చెప్పని అభ్యాసం సగం అభ్యాసమే. మన వికాస పుస్తకాల వాళ్లకు 'ఆపు' అన్నది బూతుమాట.

ఇలాంటి పేజీలు కూడా చెడిపోతాయి. శిక్షకుడు నిండిన పేజీలు లెక్కపెట్టి మెచ్చుకోవడం మొదలుపెడితే జనం పేజీలు నింపుతారు, డ్రమ్ములు నింపరు. పట్టుకోవడం కష్టమేమీ కాదు. నెల రోజుల అంకెలు ఒకే పెన్నుతో, ఒకే వాలులో ఉంటాయి. అన్నీ వంద, వంద, నూట పది. నిజంగా కొలిచిన అంకెలు 97, 104, 101 అని ఒడిదుడుకులుగా వస్తాయి. మధ్యలో మోటారు కాలిపోయిన వారం ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని తప్పుగా చూడకూడదు, పుస్తకంలోనే 'కొలవలేదు, ఎందుకంటే' అని చోటివ్వాలి. అంకెను చూపించే చోటు కూడా ముందే రాసి ఉండాలి. పొదుపు సంఘాల అక్కలు పుస్తకం తెరిచి పద్దులు చదివే సమావేశం ఎలాగూ ఉంటుంది. అదే రోజు, అదే చాప మీద ఈ అంకె కూడా చదివితే చాలు.

'కరువులో కుంగినవాడికి ముందు ధైర్యం కావాలి, ఫారాలు కాదు' అని నాతో వాదించేవాళ్లున్నారు. కుంగినవాడికి మనిషి తోడు కావాలి, కొన్నిసార్లు వైద్యుడు కావాలి. ఆ పని మైకు ముందు చప్పట్లు చేయలేవు, నా డ్రమ్ము పేజీ కూడా చేయలేదు. శెనక్కాయ ధర, బ్యాంకు అప్పు, రావలసిన వాన ఏ పుస్తకం చేతిలోనూ లేవు. వాటిని 'మీ లక్ష్యాలు' కింద రాయించడం మోసం. రైతు చేతిలో ఉన్నదాన్నే అభ్యాసంగా పెట్టాలి.

నీటి బడుల మీద కూడా ప్రశ్నలు లేకపోలేదు. పథకం సాధించిందని చెప్పుకున్నదాంట్లో ఎంత నిజమని ఐడబ్ల్యూఎంఐ-టాటా పరిశోధకులు 2012లో గట్టిగానే అడిగారు. నేను వాళ్లతో గొడవపడను. బయటి డబ్బుతో నడిచిన అలవాటు డబ్బు ఆగాక నిలవాలంటే పుస్తకం చివరి పేజీ మీద వేరే శ్రద్ధ కావాలి. ఇప్పుడక్కడ ధ్రువపత్రం అతికిస్తున్నారు. దాన్ని తీసేసి వచ్చే రబీ పట్టిక వేయండి: మొదటి వరుసలో తేదీ, డ్రమ్ము ఎవరి ఇంట్లోంచి తేవాలో ఆ పేరు, ఈ ఏటి చివరి అంకె ముందే అచ్చై ఉండాలి. పక్క గడి ఖాళీగా వదలండి.