ఇరవై పైసల లెక్క

2019 డిసెంబరులో తెలంగాణ ఆర్టీసీ కిలోమీటరుకు 20 పైసల చొప్పున చార్జీలు పెంచింది. ఎక్స్‌ప్రెస్‌లో 87 పైసలు 107 అయ్యాయి. హైదరాబాద్‌కు నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి కాబట్టి, టికెట్ 87 రూపాయల నుంచి 107కు పెరిగిందనుకోవచ్చు. పెంపు పూర్తిగా పెట్టెలో పడుతుందా?

ఒక ఊహాలెక్క చూద్దాం. పాత చార్జీకి రోజుకు 1130 మంది ఎక్కేవారని, కొత్త చార్జీకి 930 మంది మిగిలారని అనుకుందాం. చార్జీ 20 రూపాయలు పెరిగితే 200 మంది తగ్గారు. అంటే రూపాయికి 10 మంది. ఈ రెండు బిందువుల మీదుగా గీసిన సరళరేఖే మన డిమాండ్ రేఖ: Q = 2000 − 10P.

ధర ఒక శాతం మారితే ప్రయాణికులు ఎంత శాతం మారతారో చెప్పేదే వ్యాకోచత్వం. రేఖ వాలును ధరతో గుణించి, ప్రయాణికుల సంఖ్యతో భాగిస్తే అది వస్తుంది. 87 రూపాయల దగ్గర 10 × 87 ÷ 1130, అంటే 0.77. అదే రేఖ మీద 107 దగ్గర 1.15. (రుణ గుర్తును పక్కన పెట్టాను.) వాలు మారలేదు, వ్యాకోచత్వం మాత్రం మారింది. చార్జీ పెరిగేకొద్దీ పోయే పది మంది, మిగిలిన జనంలో పెద్ద వాటా అవుతారు.

వ్యాకోచత్వం ఒకటి కంటే తక్కువగా ఉన్నంతవరకు చార్జీ పెంచితే ఆదాయం పెరుగుతుంది, ఒకటి దాటాక తగ్గుతుంది. మన రేఖలో 100 రూపాయల దగ్గర అది సరిగ్గా ఒకటి. అక్కడ రోజు ఆదాయం లక్ష. 87 దగ్గర 98,310, 107 దగ్గర 99,510. పాత జనాన్ని 20తో గుణించిన అధికారి 22,600 అదనంగా వస్తుందని రాసుకుంటాడు. వచ్చేది 1,200. శిఖరం ఎక్కి అవతలి వైపు కొంత దిగాం మరి. ఈ లెక్కలో 107 కంటే 100 రూపాయల టికెట్టే మేలు.

అసలు చిక్కు ఆ రెండు బిందువులు తేవడంలో ఉంది. పెంపుకు ముందు 52 రోజుల సమ్మె నడిచింది. ఆ రోజుల జనాన్ని ‘పాత చార్జీ’ లెక్కగా తీసుకుంటే, చార్జీ పెరిగాకే బస్సులు నిండాయన్న వింత తేలుతుంది. జనవరిని తీసుకుంటే సంక్రాంతి రద్దీ కలుస్తుంది. ఏ నెలనైనా అంతకుముందు ఏడాది అదే నెలతో పోల్చడమే కాస్త నమ్మదగిన దారి. ఊరూరికీ తేడా కూడా ఉంటుంది: షేర్ ఆటోలు తిరిగే దగ్గరి ఊళ్లకు జనం త్వరగా జారుకుంటారు, వేరే బండి దొరకని తండాలో అంతగా తగ్గరు. జిల్లా మొత్తానికి ఒకే రేఖ గీస్తే ఈ రెండూ కలగాపులగమవుతాయి.

2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. మన రేఖను సున్నా ధర దాకా లాగితే 2000 మంది అని చూపుతుంది. 87కూ 107కూ మధ్య కొలిచిన వాలు అంత దూరం అలాగే సాగుతుందనడానికి ఆధారం లేదు. ఇప్పుడు చార్జీ పెంపుకు స్పందించేది టికెట్ కొనేవాళ్లు మాత్రమే. వాళ్లకు కొత్త రేఖ గీయాలి.