బొటనవేలు సాక్ష్యము కాదు

మొన్న బందరు నుండి నా పూర్వవిద్యార్థి యొకడు ఫోను చేశాడు. వారి దుకాణము క్రొత్త లడ్డు డబ్బాను విడుదల చేయనున్నదట. "మాస్టారూ, విలేకరుల కోసం ఒక ప్రకటన వ్రాసిపెట్టండి" అని తన అమ్మకాల బృందపు వాట్సాప్ సంభాషణను అవనిగడ్డలో ఉన్న నాకు పంపాడు.

అందులోని సమాచారము మూడే మాటలు. "శనివారం విడుదల" ప్రక్కన రాకెట్టు, "నెల నిల్వ" ప్రక్కన మంట, "జీఐ మనదే" ప్రక్కన కిరీటము. మూడింటికీ అందరూ బొటనవ్రేళ్లు ఎత్తారు.

రాకెట్టును విడిపించి తేదీ, వేళ, దుకాణపు చిరునామా, డబ్బా తూకము, ధర వ్రాశాను. ఇక మంట! నిల్వను ఎవరు పరీక్షించారని అడిగితే ఎవరూ లేరు. డబ్బాపై అచ్చయినది 20 రోజులే. కిరీటము మరీ పొరపాటు. 2017లో భౌగోళిక సూచిక లభించినది బందరు లడ్డుకు గాని ఒక్క దుకాణమునకు కాదు. అధీకృత వినియోగదారుగా నమోదు పత్రమున్నదా అంటే, లేదన్నాడు. ఆ వాక్యము కొట్టివేశాను.

బొటనవ్రేలికి "చూశాను" అనియు, "నిజమే" అనియు రెండర్థాలు. బృందములో అది చెల్లును, పత్రికలో చెల్లదు. బొమ్మకు బదులు అంకెయో పేరో పత్రమో నిలపలేకపోతే ఆ మాటనే తీసివేయాలని నా అభిప్రాయము.

"మరీ చప్పగా ఉంది మాస్టారూ" అన్నాడు. "ఇరవై అయిదవ నాడు డబ్బా తెరిచినవాడికి ఏమి చెబుతావు నాయనా?" అన్నాను.