చెప్పిన సొమ్మూ, ముట్టిన సొమ్మూ

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో బేరం కుదరడం వేరు, సొమ్ము ముట్టడం వేరు. లింక్డ్‌ఇన్‌లో అంకుర సంస్థలు వ్రాసుకునే శుభవార్తలలో మాత్రం ఈ రెంటికీ భేదం ఉండదు. "ఇన్ని కోట్లు సమీకరించాం, మదుపరులకూ వినియోగదారులకూ కృతజ్ఞతలు" అంటారు. ఆ ఒక్క వాక్యాన్ని మదుపరి ధరగా చదువుకుంటాడు, వినియోగదారుడు భరోసాగా చదువుకుంటాడు. నా అభ్యంతరమంతా ఈ రెండవ పఠనం గురించే.

బైజూస్ సంగతి చూడండి. 2022 మార్చిలో ఆ సంస్థ 80 కోట్ల డాలర్లు సమీకరించినట్లు ప్రకటించింది. అందులో సగం వ్యవస్థాపకుడు రవీంద్రన్ స్వయంగా పెట్టేది. సంస్థ విలువ 2,200 కోట్ల డాలర్లన్నారు. ఈ విలువ ఎలా పుడుతుంది? అమ్మినది నూటికి నాలుగు పాళ్లకు లోపు. ఆ ధరతోనే మిగిలిన తొంభై ఆరు పాళ్లనూ హెచ్చవేశారు. వీధిలో ఒక్క అంగడి అమ్ముడైన ధరకు వీధి మొత్తాన్నీ లెక్కకట్టడమన్నమాట! అంత ధనం ఎక్కడా లేదు.

ఆ జూలైలో సుమేరు వెంచర్స్ ఇస్తామన్న సొమ్ము రాలేదని వార్తలు వచ్చాయి. అధిక భాగం అందిందనీ, మిగిలినది త్వరలో వస్తుందనీ సంస్థ చెప్పింది. అంటే మార్చి నాటి 'సమీకరించాం'లో కొంత భాగం ఇంకా 'సమీకరించబోతున్నాం' మాత్రమే. పైగా 2021 మార్చితో ముగిసిన సంవత్సరపు లెక్కలు 2022 సెప్టెంబరులో గానీ బయటపడలేదు. నష్టం 4,500 కోట్ల రూపాయలకు పైమాటే.

ఈ నడుమ, 2022 జూన్‌లో, రాష్ట్ర ప్రభుత్వం ఆ సంస్థతో ఒప్పందం చేసుకుంది. డిసెంబరులో ఎనిమిదవ తరగతి పిల్లలకు ఆ పాఠాలు నింపిన ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. పాఠాలు ఉచితమే కావచ్చు. కానీ పులివెందులలోనో జమ్మలమడుగులోనో ప్రభుత్వ బడిలో చదివే బిడ్డ తండ్రికి కావలసిన సమాచారం 2,200 కోట్ల డాలర్లా, లేక ఈ సంస్థ చేతిలోని నగదు ఎన్ని నెలలకు సరిపోతుందన్నదా? ఆ రెండవ అంకె ఏ శుభవార్తలోనూ కనిపించదు.

తెలుసుకునే దారి ఒకటి ఉంది. ప్రైవేటుగా వాటాలు కేటాయించిన కంపెనీ పదిహేను రోజులలోగా PAS-3 పత్రం దాఖలు చేయాలి. అంతవరకూ ఆ సొమ్మును వాడరాదని 2013 కంపెనీల చట్టంలోని 42వ సెక్షను చెబుతున్నది. కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో స్వల్ప రుసుముతో ఎవరైనా ఆ పత్రాన్ని చూడవచ్చు. ఎవరికి ఎన్ని వాటాలు, ఏ ధరకు ఇచ్చారో అందులో ఉంటుంది. నెలలు గడిచినా ఆ పత్రం లేదంటే ఆ వాటాల కేటాయింపే జరగలేదని అనుమానించవచ్చు. అయితే వచ్చిన సొమ్ము ఎంత వేగంగా కరుగుతున్నదో అది చెప్పదు. అందుకు వార్షిక లెక్కలే గతి.

కనుక శుభవార్త వ్రాసేవారు మదుపరికి ఒకటి, వినియోగదారుడికి ఒకటి వ్రాయాలి. రెండవదానిలో విలువ ప్రసక్తి అక్కరలేదు. ముట్టినదెంత, రావలసినదెంత, సంస్థ మూతపడితే ముందే కట్టించుకున్న రుసుము వాపసు ఎవరిస్తారు, ఈ మూడూ ఉంటే చాలు. 2024 జూలై 16న బెంగళూరు కంపెనీ లా ట్రిబ్యునల్ బైజూస్ మాతృసంస్థపై దివాలా ప్రక్రియకు అనుమతించింది. అప్పుల వాళ్ల వరుసలో రుసుము కట్టిన తల్లిదండ్రులు ఎక్కడ నిలబడాలో 2022 మార్చి నాటి శుభవార్తలో లేదు.