తాళం వేసిన యూజర్ కూడా లెక్కలోకే

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో, డెల్టా రైస్ మిల్లుల్లో చాలామందికి మొదట అలవాటైన సాఫ్ట్‌వేర్ టాలీ. అక్కడ లైసెన్సు లెక్క తేలిక. సిల్వర్ కొంటే ఒక్కరు వాడుకోవాలి, గోల్డ్ కొంటే ఒకే ఆఫీసు నెట్‌వర్కులో ఎంతమందైనా వాడుకోవచ్చు. వ్యాపారం పెరిగి ఎస్‌ఏపీ లాంటి ఈఆర్‌పీకి మారాక ఆ అలవాటే చిక్కు తెస్తోంది. ఇక్కడ లైసెన్సు పేరున్న మనిషికి. అతను రోజంతా వాడినా, నెలకోసారి వాడినా ఒక లైసెన్సు పోయినట్టే. మరికొన్ని ఈఆర్‌పీల్లో ఇంకో పద్ధతి ఉంది: ఎంతమందికి యూజర్ ఐడీ ఇచ్చినా ఫర్వాలేదు, ఒకే సమయంలో లోపల ఎంతమంది ఉన్నారన్నదే లెక్క.

మూడు షిఫ్టుల్లో నడిచే ప్లాంటుకు రెండోదే చవక అనిపిస్తుంది. షిఫ్టుకు ఇరవై మంది చొప్పున అరవై మంది ఉంటే మొదటి పద్ధతిలో 60 లైసెన్సులు, రెండో పద్ధతిలో 20 చాలుననుకుంటారు. కానీ షిఫ్టు మారే పావుగంట చూడండి. దిగేవాళ్లు తూకాలు ముగించి ఇంకా బయటికి రాలేదు, ఎక్కేవాళ్లు అప్పుడే లాగిన్ అవుతున్నారు. ఆ పావుగంటలో లెక్క 35 దాటొచ్చు. 20 మాత్రమే కొని ఉంటే కొత్త షిఫ్టువాళ్లకు తెర తెరుచుకోదు, బయట రొయ్యల లారీ ఐసు కరుగుతూ నిలబడి ఉంటుంది. కాబట్టి సగటు చూసి కొనకూడదు. పట్టుబడి జోరుగా ఉన్న వారంలో షిఫ్టు మారే వేళ పదిహేను నిమిషాలకోసారి లెక్కపెట్టి, అందులో అన్నిటికన్నా పెద్ద అంకె చూసి కొనాలి. లాగవుట్ చేయకుండా టీకి వెళ్లినవాడి సీటు ఎంతసేపటికి ఖాళీ అవుతుందో కూడా ముందే తేల్చుకోవాలి.

ఇక ఆడిట్ సంగతి. ఒక ప్లాంటు 110 ఎస్‌ఏపీ లైసెన్సులు కొన్నదనుకుందాం. యూజర్ల పట్టిక USR02 తెరిస్తే 138 ఐడీలు కనిపించాయి. ఎస్‌ఏపీ వాళ్ల కొలత ప్రోగ్రాం USMM నడిపితే 28 తక్కువ పడుతున్నాయి. ఆడిట్ ఉత్తరం వచ్చాక ఈ అంకె చూస్తే యజమాని గుండె గుభేలుమంటుంది. ముందే చూసుకుంటే కథ వేరు. 138లో 19 మంది ఉద్యోగం మానేసినవాళ్లు. ఐటీ కుర్రాడు వాళ్ల ఐడీలకు తాళం వేసి ఊరుకున్నాడు. తాళం వేసిన యూజర్‌నూ USMM లెక్కపెడుతుంది. చెల్లుబాటు ముగింపు తేదీ గడిస్తేనే వదిలేస్తుంది. అందుకే TRDAT అనే చివరి లాగిన్ తేదీ చూసి, హెచ్‌ఆర్ జాబితాతో పోల్చి, SU01లో ముగింపు తేదీ వేయాలి. మరో ఆరుగురికి రెండేసి ఐడీలున్నాయి. ఒకే మనిషి పేరు ఒకచోట ఒకలా, మరోచోట ఇంకోలా రాశారు. ఆ 19తో పాటు ఈ ఆరూ తీస్తే 113.

ఇక్కడితో ఆగి 3 తక్కువ అని సంబరపడితే తప్పు. గేటు దగ్గర, తూకం దగ్గర, కోల్డ్ స్టోరేజీలో ఒక్కో ఐడీని షిఫ్టుకొకరు చొప్పున ముగ్గురు వాడుతున్నారు. పేరున్న మనిషికిచ్చే లైసెన్సులో ఇది ఒప్పందం మీరడమే. ఒకే ఐడీ ఏడాదంతా మూడు షిఫ్టుల్లోనూ నిద్ర లేకుండా పనిచేస్తే ఆడిటర్ కంట పడకుండా ఉండదు. ఆ మూడింటిని తొమ్మిది చేస్తే 119. నిజమైన లోటు 9. ఇది దాచే అంకె కాదు, కొనాల్సిన అంకె. యూజర్ మార్పులన్నీ తేదీతో సహా సిస్టంలో నమోదవుతాయి కనుక, ఉత్తరం వచ్చిన రాత్రి ఐడీలు చెరిపితే ఆ పనే సాక్ష్యమవుతుంది.

సంఖ్యతో పాటు రకమూ చూడాలి. ఏ రకమో రాయని యూజర్‌ను కొలతలో ఖరీదైన ప్రొఫెషనల్‌గా వేసుకునే అవకాశం ఉంది. తూకం మాత్రమే ఎక్కించే గుమాస్తా ఆ ధరలోకి వెళ్లిపోతాడు. దాని మీద ఏటా సపోర్టు ఫీజు కూడా పడుతుంది. ఎంటర్‌ప్రైజ్ సపోర్టుకు అది లైసెన్సు విలువలో సుమారు 22 శాతం ఉంటుంది.

చాలామంది చూడని మూల ఇంకొకటి. చెరువు గట్టున కొనుగోలుదారు ఫోన్ యాప్‌లో కౌంటు, బరువు కొడితే అది ఒకే ఐడీ మీదుగా ఎస్‌ఏపీలోకి చేరుతుంది. ఐడీ ఒకటే కదా అనుకోకూడదు. డియాజియో కంపెనీ ఇలాగే సేల్స్‌ఫోర్స్ మీద కట్టుకున్న యాప్‌ల ద్వారా ఎస్‌ఏపీ వాడింది. 2017 ఫిబ్రవరిలో లండన్ హైకోర్టు ఆ వాడకానికీ లైసెన్సు కావాలంది. ఎస్‌ఏపీ అడిగింది 5 కోట్ల 40 లక్షల పౌండ్లకు పైనే. మరుసటి ఏడాది నుంచి ఇలాంటి వాడకాన్ని మనుషుల లెక్కన కాక, తయారయ్యే పత్రాల లెక్కన అమ్మే పద్ధతి తెచ్చారు. యాప్ కట్టించే ముందే ఒప్పందంలో ఆ పేరా చదివించుకోండి. అలాగే ఉద్యోగం మానేవాళ్ల రిలీవింగ్ కాగితంలో యూజర్ ఐడీ ముగింపు తేదీకి ఒక గడి పెట్టించండి. ఆ గడి నిండకుండా ఆఖరి జీతం వెళ్లకూడదు.