బిడ్డను చూడకుండా డబ్బాను చూస్తున్నాం

పాలపొడి అయిపోతే మన ఇళ్ళలో ఏం చేస్తున్నాం? డబ్బా ముందువైపు ఒక ఫొటో తీసి వాట్సాప్‌లో పంపిస్తాం. దాన్ని అందుకున్నవాళ్ళు మెడికల్ షాపులో ఫోను చూపించి "ఇదే ఇవ్వండి" అంటారు. ఇంట్లో డబ్బా లేకపోతే పక్కింటి పాప వాడే డబ్బా ఫొటో తెప్పించుకుంటాం. డైపర్లకూ అంతే. బిడ్డకు ఎన్నో నెల, బరువెంత అని షాపులో అడగరు, పంపినవాళ్ళు చెప్పరు, ఇంట్లో పెద్దవాళ్ళకు గుర్తు రాదు. ఈ తప్పు మనందరిదీ.

పాలపొడి స్టేజీకి లెక్క వయసు. డైపర్ సైజుకు లెక్క బరువు. ఈ రెంటినీ తారుమారు చేస్తున్నాం. ఐదో నెల నడుస్తున్న బాబు ఏడు కిలోల ఆరువందల గ్రాములున్నాడనుకోండి. "బొద్దుగా ఉన్నాడు, ఈ పాలు చాలవు, రెండో నంబరు మొదలుపెట్టు" అనే సలహా ఏదో ఒక ఇంటి నుంచి ఫొటోతో సహా వస్తుంది. ఆ మాట తప్పు. బిడ్డ ఎంత బొద్దుగా ఉన్నా ఆరు నెలలు నిండేదాకా ఒకటో స్టేజీయే. రెండోది అన్నం, పప్పు మొదలైన బిడ్డ కోసం చేసింది. అందులో మాంసకృత్తులు, లవణాలు ఎక్కువ, చిన్న బిడ్డ కిడ్నీలకు అవి భారం. ఆరు నెలలు దాటాక ఒకటో స్టేజీనే ఏడాది దాకా కొనసాగించినా నష్టం లేదు. రెండో దానికి మారి తీరాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పడం లేదు. ఆలస్యంగా మారితే ప్రమాదం లేదు, తొందరపడితే ఉంది. మనం మాత్రం తొందరపడడాన్నే ప్రేమ అనుకున్నాం.

అదే బాబు డైపర్ సంగతి చూద్దాం. చాలా ప్యాకెట్ల మీద ఎస్ అంటే 4 నుంచి 8 కిలోలు, ఎమ్ అంటే 7 నుంచి 12 కిలోలు అని ఉంటుంది. కంపెనీని బట్టి కొంచెం తేడా ఉండొచ్చు. మన బాబు రెండింటిలోకీ వస్తాడు. అక్కడ తేల్చాల్సింది బిడ్డ ఒళ్ళే. విప్పినప్పుడు తొడల చుట్టూ ఎర్రటి గీతలు కనిపిస్తున్నా, రాత్రి వీపువైపు కారుతున్నా ఎమ్ తీసుకోవాలి. తొడ దగ్గర సందు కనిపిస్తుంటే ఎస్ చాలు. పక్కింటి బిడ్డ ప్యాకెట్ ఫొటోలో ఈ జవాబు దొరకదు.

డబ్బా వెనకవైపును మనం అసలు ఫొటో తీయం. అక్కడే స్కూపు లెక్క ఉంటుంది. మన దేశంలో అమ్మే చాలా డబ్బాలకు 30 మిల్లీలీటర్ల నీటికి ఒక స్కూపు. అమెరికా పొడుల్లో చాలావాటికి 60 మిల్లీలీటర్లకు ఒకటి. అక్కడి చుట్టాలు తెచ్చిన డబ్బాను ఇక్కడి అలవాటుతో కలిపితే పాలు రెండింతలు చిక్కనవుతాయి. బిడ్డకు మూత్రం తగ్గుతుంది, మలబద్ధకం వస్తుంది, దాహంతో ఏడుస్తుంది. ఆ ఏడుపును ఆకలనుకుని మళ్ళీ అవే పాలు పడతాం. పాత డబ్బా స్కూపు దాచి కొత్త పొడికి వాడినా లెక్క తప్పుతుంది.

పాలడబ్బా మీద పసిపాప బొమ్మ ఉండకూడదని, ప్రకటనలు ఇవ్వకూడదని 1992లో చట్టం చేసుకున్నాం. 2003లో దాన్ని సవరించి రెండేళ్ళ వయసు దాకా ఇచ్చే పాలకు వర్తింపజేశాం. కంపెనీని ఆపిన ఆ పనిని మనమే నెత్తికెత్తుకున్నాం. "మా బాబుకు ఇదే పడింది" అని పంపే ప్రతి ఫొటో ఒక ప్రకటనే. ఆ డబ్బా లాక్టోజ్ లేనిదో, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు డాక్టరు రాసిందో అడగకుండానే ముందుకు పంపేస్తున్నాం.

బరువు తెలియకపోవడం కూడా మన నిర్లక్ష్యమే. ప్రభుత్వ టీకాల పట్టికలో 14 వారాల తర్వాత మళ్ళీ టీకా తొమ్మిది నెలలు నిండాకే. స్టేజీ, సైజు మారేది సరిగ్గా ఆ మధ్యకాలంలో. అంగన్‌వాడీలో నెలనెలా తూకం వేయించుకోవచ్చు, కానీ వెళ్ళం. ఇంట్లో కాటా ఉంటే బిడ్డను ఎత్తుకుని ఒకసారి, ఒంటరిగా ఒకసారి ఎక్కి తేడా తీస్తే డైపర్‌కు సరిపడా లెక్క తెలుస్తుంది. అదీ చేయం.

ఫొటో పంపడం తప్పు కాదు. డబ్బా ముందువైపు స్టేజీ, వయసు, వెనకవైపు కలిపే పట్టిక, అడుగున గడువు తేదీ, మూడూ కనిపించేలా తీయాలి. కింద బిడ్డ పుట్టిన తేదీ, ఈ వారం బరువు రాయాలి. నెలలు నిండకుండా పుట్టిందా, డాక్టరు ప్రత్యేకమైన పొడి రాశారా చెప్పాలి. అలా రాయకుండా వచ్చిన ఫొటోను చూసి షాపువాళ్ళు ఇవ్వకూడదు, మనం కొనకూడదు.