సెట్టు కాదు సాహెబ్, ముందు నలా చూడండి

ఇంట్లో షాదీ కుదిరిందనో, దుబాయ్ నుంచి అల్లుడు వస్తున్నాడనో, రమజాన్ దగ్గర పడిందనో తెలియగానే మన ఇళ్లలో సుత్తి దెబ్బ మొదట పడేది గుస్ల్‌ఖానా మీదే. షాపుకు వెళ్తాం. అక్కడ అద్దాల ముందు బేసిన్ నలా, మిక్సర్, షవర్, హెల్త్ ఫాసెట్, చివరికి తువ్వాలు కడ్డీ దాకా ఒకే డిజైన్‌లో మెరుస్తుంటాయి. "ఒక్కొక్కటి మారిస్తే మ్యాచింగ్ రాదు భాయ్, ఒకేసారి సెట్టు వేసుకోండి" అంటాడు షాపాయన. మనం తల ఊపుతాం. నేను ఊపను. మెజారిటీ ఇళ్లకు ఈ సలహా గలత్ అని నా వాదన. ఎందుకో వివరంగా చెప్తాను, ఎక్కడ సహీ అవుతుందో అది కూడా చెప్తాను.

మొదట ఒక సాదా విషయం. మన గోడలోంచి బయటికొచ్చే నలా పాయింట్లు దాదాపు అన్నీ అర అంగుళం మరవే. బకెట్ దగ్గరి బిబ్ కాక్ గానీ, వుజూ నలా గానీ, సిస్టర్న్ కింది యాంగిల్ కాక్ గానీ ఏ కంపెనీది తెచ్చినా అందులో ఎక్కుతుంది. గోడ బయట ఉండే వాల్ మిక్సర్ కాళ్లు కూడా కొంచెం అటూ ఇటూ తిప్పి సరిపెట్టుకునేలాగే చేస్తారు. అంటే ఒక్కొక్కటిగా మార్చుకోవడానికి వీలుగానే ఈ వ్యవస్థ తయారైంది. ఒకటి పాడైతే అన్నీ మార్చాలన్న హుకుం పైపుల్లో లేదు, షోరూమ్‌లో పుట్టింది.

మా ఖాలా ఇంటి లెక్క చెప్తాను. ఇరవై ఏళ్ల నాటి గుస్ల్‌ఖానా, ప్లాస్టిక్ పైపులు, నీళ్లు బోరువి. కూతురి నికాహ్‌కు రెండు నెలలు ఉందనగా మొత్తం మార్చాలని కొటేషన్ తెచ్చుకున్నారు. సామానుకు 34 వేలు, పగలగొట్టి టైల్స్ వేసే కూలీతో కలిపి 24 వేలు, మొత్తం 58 వేలు. కొంత కర్జ్ తీసుకునే మాట కూడా నడుస్తోంది. "అసలు ఏం చెడింది ఖాలా?" అని అడిగితే, "అంతా పాతబడింది బేటా" అన్నారు. పాతబడటం వేరు, చెడటం వేరు. అందుకే ఒక్కొక్కటీ పరీక్షించాం.

కమోడ్ సిస్టర్న్‌లో జర్దాలో వేసే రంగు చిటికెడు కలిపి, ఫ్లష్ నొక్కకుండా ఇరవై నిమిషాలు వదిలాం. కమోడ్ గిన్నెలోకి రంగు దిగింది. అంటే లోపలి రబ్బరు సీలు పోయింది, నీళ్లు రోజంతా చప్పుడు లేకుండా కారిపోతున్నాయి. ఇది లోపలి ఫ్లష్ కిట్ తప్పు, కమోడ్ తప్పు కాదు. ఇషా తర్వాత బకెట్ నలా కింద ఖాళీ మగ్గు పెట్టి ఫజర్‌కు చూశాం. అడుగున పల్చగా నీళ్లు, అంతే. బేసిన్ నలాను ఎంత తిప్పినా బొట్టు ఆగడం లేదు, లోపలి స్పిండిల్ అరిగిపోయింది. హెల్త్ ఫాసెట్ గొట్టం మెడ దగ్గర ఉబ్బింది. ఇక అందరూ "అసహ్యంగా ఉంది, తీసేయాలి" అన్న వాల్ మిక్సర్? చేత్తో పట్టుకుంటే దిమ్మలా బరువుంది, పాతకాలపు గట్టి ఇత్తడి. దాని మీద ఉన్నది బోరు నీటి తెల్లపొర, లోపల పోయింది రెండు వాషర్లు.

చేసిన పని ఇది. హెల్త్ ఫాసెట్, దాని వెనక కొత్త యాంగిల్ కాక్ 1,700. సిస్టర్న్ లోపలి కిట్ 650. బేసిన్‌కు కొత్త నలా 1,400. మిక్సర్ వాషర్లు 60. ప్లంబర్ రెండుసార్లు వచ్చినందుకు 900. మొత్తం 4,710 రూపాయలు. మిక్సర్ మీద తెల్లపొరకు నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో గుడ్డ తడిపి పది నిమిషాలు చుట్టి, కడిగి, పొడిగుడ్డతో తుడిచాం. క్రోమ్ తిరిగి మెరిసింది. బాత్రూమ్ యాసిడ్ మాత్రం నలాలకు తగలనీయకండి, క్రోమ్ పూతను తినేస్తుంది. ఆ మచ్చ మళ్లీ పోదు.

ఇప్పుడు "మ్యాచింగ్" సంగతి. ఇదే అసలు ఉచ్చు. మామూలు క్రోమ్ ఏ కంపెనీదైనా పక్కపక్కన పెడితే కంటికి పెద్ద తేడా కనిపించదు. పదేళ్ల తర్వాత తెచ్చినా కలిసిపోతుంది. అదే మ్యాట్ బ్లాక్, రోజ్ గోల్డ్, యాంటిక్ లాంటి రంగులు కంపెనీకో ఛాయలో ఉంటాయి. కంపెనీలు డిజైన్లు మారుస్తూనే ఉంటాయి. సెట్టులో ఒక్క నలా పిడి విరిగితే అప్పటికి ఆ సిరీస్ బజార్లో దొరకదు. అప్పుడు మళ్లీ అదే మాట వినిపిస్తుంది: "మ్యాచింగ్ రాదు భాయ్, మొత్తం మార్చేయండి." చూశారా, సెట్టు వేసుకుంటే మ్యాచింగ్ సమస్య తీరదు, తర్వాతి సెట్టుకు బయానా కట్టినట్టే అవుతుంది. మ్యాచింగ్ కావాలంటే నుస్ఖా సాదాది. అంతా మామూలు క్రోమ్, గుండ్రటివైతే గుండ్రటివి, చదరపువైతే చదరపువి. ఈ రెండూ పాటిస్తే ఏడాదికొకటి మార్చుకున్నా గుస్ల్‌ఖానా ఒకే ఇంటిదిలాగే కనిపిస్తుంది.

సెట్టు ఇంకో చోట కూడా మోసం చేస్తుంది. బడ్జెట్‌లో ఇమడాలంటే ఎక్కడో తగ్గించాలి కదా. తగ్గేది కంటికి కనిపించని చోటే. ఖాలా తెచ్చుకున్న కొటేషన్‌లో పైన మెరిసే షవర్ ఖరీదైనది, కింద యాంగిల్ కాక్‌లు అన్నిటికంటే చౌకవి. ఇంట్లో నీళ్లు పారకుండా ఆపే దర్బాన్ ఆ యాంగిల్ కాకే. గొట్టం పగిలిన రాత్రి అది తిరగకపోతే మేడెక్కి ట్యాంకు వాల్వు కట్టేయాల్సిందే. ఒక్కొక్కటిగా కొనేవాడు ఒక్కొక్కదాన్నీ చేతిలో పట్టుకుని చూస్తాడు. ఇత్తడి బరువుగా ఉంటుంది, జింక్ మిశ్రమం అదే సైజులో తేలికగా అనిపిస్తుంది. అయస్కాంతం పరీక్ష మాత్రం నమ్మకండి, అది రెండింటికీ అంటదు.

మన ఇళ్లలో ఏది ముందు మార్చాలో తేల్చేది తహారత్ జరూరతే, షౌఖ్ వంతు తర్వాత. అన్నిటికంటే ఎక్కువ వాడేదీ, ముందు చెడేదీ హెల్త్ ఫాసెట్. దాని గొట్టం రాత్రింబవళ్లు ప్రెషర్ మోయడానికి కాదు. వాడాక పిడి వదిలేసి ఊరుకోకుండా వెనక యాంగిల్ కాక్ కట్టేయడం పిల్లలకు నేర్పండి. రెండోది వుజూ నలా. పాతకాలపు నలాను మూడు నాలుగు చుట్లు తిప్పాలి, అందుకే చాలామంది వుజూ మొదలుపెట్టి అయ్యేదాకా దాన్ని ధారగా వదిలేస్తారు. లోపల సిరామిక్ డిస్క్ ఉన్న క్వార్టర్ టర్న్ నలా పావు చుట్టుతో తెరుచుకుని పావు చుట్టుతో మూసుకుంటుంది. కీళ్ల నొప్పులున్న దాదీకి చెయ్యి నొప్పి ఉండదు, మోచేతులు కడిగేటప్పుడు ఆపి, పాదాలకు మళ్లీ తెరవచ్చు. నీటిలో ఇస్రాఫ్ గురించి బయాన్లు విన్నాం కదా, అమలు ఇక్కడ మొదలవుతుంది. బేసిన్ నలా ధార సన్నబడితే కొత్తది కొనేముందు మూతి దగ్గరి జాలీ విప్పి నిమ్మ నీళ్లలో నానబెట్టండి. చాలాసార్లు మర్జ్ అక్కడే ఉంటుంది.

పెద్ద రెయిన్ షవర్ మోజు చివరికి ఉంచండి. పది మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు దిగితే ఒక బార్ ప్రెషర్ వస్తుంది. గుస్ల్‌ఖానా పైకప్పు మీదే ట్యాంకు ఉంటే షవర్‌కు దక్కేది రెండు మూడు మీటర్లే, అంటే పావు బార్ దరిదాపుల్లో. షవర్ డబ్బా మీద రాసిన కనీస ప్రెషర్ అంతకన్నా ఎక్కువైతే, ఆ ఖరీదైన పళ్లెం నుంచి నీళ్లు వానలా పడవు, చూరు నీళ్లలా కారతాయి.

"ఒకేసారి చేయిస్తే కూలీ కలిసొస్తుంది" అనేవాళ్లున్నారు. మాట నిజమే, కానీ ఎంత కలిసొస్తుంది? బయటి నలా మార్చడం అరగంట పని. రెండు మూడు పనులు కలిపి ఒక రాకలో చేయించండి, సరిపోతుంది. కొన్ని వందలు మిగిల్చడానికి యాభై వేలు తీయడం ఏ హిసాబ్?

ఇక ఇన్సాఫ్‌గా రెండో వైపు. ఒక్కొక్కటిగా మార్చడం ఎక్కడ తప్పవుతుంది? గోడ లోపల చెడినచోట. మీ ఇంట్లో ఇంకా పాత ఇనుప జీఐ పైపులే ఉండి, పొద్దున మొదటి నీళ్లు ఎర్రగా వస్తూ, ధార ఏటేటా సన్నబడుతుంటే జాగ్రత్త. అక్కడ ఒక్క నలా విప్పబోయినా తుప్పు పట్టిన ఎల్బో గోడలోనే విరగవచ్చు. ఒక్కో నలాకు ఒక్కో గోడ పగలగొట్టుకోవడం కంటే, ఒకేసారి పైపులన్నీ సీపీవీసీకి మార్చడమే అఖల్‌మందీ. గోడలోపల దాగే కన్సీల్డ్ డైవర్టర్ కూడా అంతే, ఒక కంపెనీ బాడీకి ఇంకో కంపెనీ పైభాగం ఎక్కదు. కింది గది కప్పు చెమ్మగిల్లితే వాటర్‌ప్రూఫింగ్ పని. కమోడ్ కిబ్లా వైపు ముఖమో వీపో పెట్టి ఉంటే దాన్ని తిప్పడం నేల పగలగొట్టే పని. ఇవన్నీ కలిపి ఒక్కసారే చేయించండి. పైపుల జిగురు ఒక రోజు ఆరాక, టైల్స్ వేయకముందే, ప్రెషర్ పంపుతో నీళ్లెక్కించి గేజి ముల్లు దిగకుండా నిలబడిందో లేదో మీ కళ్లతో చూడండి. ఆ రోజు మిగిలే పాత నలాలు బాగుంటే తిరిగి బిగించమనండి, సిగ్గుపడకండి.

అంటే నా కాయిదా ఒక్క లైనే. గోడ లోపలిది ఒకేసారి, గోడ బయటిది ఒక్కొక్కటిగా. షాపువాళ్ల సలహా దీన్ని తలకిందులు చేస్తుంది. బయటంతా ఒకేసారి మార్చేస్తారు, లోపలి తుప్పును అలాగే వదిలేసి మీద కొత్త టైల్ అతికిస్తారు. వచ్చే మెహమాన్ గుస్ల్‌ఖానాలో ఐదు నిమిషాలుంటాడు. ఆ ఐదు నిమిషాల దిఖావాకు నెలనెలా కర్జ్ కట్టేది మీరే. కొటేషన్ మీద సంతకం పెట్టేముందు ఇవాళ రాత్రి సిస్టర్న్‌లో చిటికెడు జర్దా రంగు వేసి చూడండి. మీ ఇంట్లో ఏది నిజంగా చెడిందో అదే చెప్తుంది.